రెండర్ డ్రాయింగ్‌లా లేదని క్లయింట్ అడిగితే మెయిల్ ఎలా రాయాలి: ఫ్రీలాన్స్ విజువలైజర్లకి సమగ్ర మార్గదర్శి

"అన్నా, రెండర్ పంపాను, ఎలివేషన్‌లో ఉన్నట్టు లేదేంటి అని ఆర్కిటెక్ట్ అడుగుతున్నారు, ఏం రాయాలి?" ఈ మెసేజ్ నాకు నెలకి రెండు మూడు సార్లయినా వస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, ఈ మధ్య నేనే చేసిన ఒక పనిని పట్టుకుని మొత్తం వరసగా రాస్తున్నా. పేర్లు, ఊరు వదిలేస్తున్నా, కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

పని ఇదీ: 200 గజాల ప్లాటు, 30×60, తూర్పు ఫేసింగ్, ముందు 30 అడుగుల రోడ్డు, జి ప్లస్ వన్ ఇల్లు. నాకు పని ఇచ్చింది ఆర్కిటెక్ట్ మేడం, ఆవిడ దాన్ని ఇంటి ఓనర్‌కి చూపించాలి. ఫ్రంట్ వ్యూ ఒక్కటే, 4:5 నిలువు ఫ్రేమ్. రెండర్ పంపిన సాయంత్రమే ఆవిడ నుంచి ఐదు పాయింట్లు వచ్చాయి.

## 1. ముందు వాళ్ల మాటల్లోనే లిస్టు రాసుకోండి

రిప్లై కొట్టే ముందు ఒక కాగితం మీద వాళ్లు ఏమన్నారో అదే రాయండి, మీ వివరణ కలపకుండా. నాకొచ్చినవి ఇవి:

1. పైన హెడ్‌రూమ్ కనిపించట్లేదు, ఎలివేషన్‌లో ఉంది కదా.
2. బాల్కనీ మరీ ముందుకొచ్చేసినట్టుంది.
3. ముందు బెడ్‌రూమ్ కిటికీ వెడల్పుగా ఉంది.
4. గ్లాస్ రెయిలింగ్ ఎందుకు పెట్టారు, ఎంఎస్ రెయిలింగ్ అన్నాం.
5. గ్రే రంగు అడిగితే పసుపు కొట్టినట్టుంది.

ఇలా రాయమనడానికి కారణం ఉంది. మనకి ఫోన్‌లో "చాలా తేడాగా ఉంది" అన్న మాట ఒక్కటే గుర్తుంటుంది, ఆ కంగారులో ఐదింటికీ కలిపి "పర్స్పెక్టివ్ వల్ల అలా ఉంటుంది మేడం" అని ఒక్క లైను రాసేస్తాం. ఐదింట్లో దేనికి ఆ జవాబు నిజంగా సరిపోతుందో అప్పటికి మనకే తెలీదు.

వాళ్లు "మొత్తంగా ఏదో తేడాగా ఉంది" అని మాత్రమే అంటే, రెండర్ మీద ఎక్కడెక్కడ తేడాగా ఉందో వేలితో గీసి స్క్రీన్‌షాట్ పంపమని అడగండి. ఎవరూ కాదనరు.

## 2. ఓవర్‌లే వేసి చూడండి: తేడా మోడల్‌లో ఉందా, చూపులో ఉందా

ఈ గైడ్ మొత్తంలో వదలకూడని పని ఇదొక్కటే. ఎలివేషన్ అంటే లోతు లేని బొమ్మ, ముందుకొచ్చిన బాల్కనీ అయినా వెనకున్న గోడ అయినా ఒకే స్కేల్‌లో గీస్తారు. రెండర్ అంటే ఒక చోట నుంచుని చూసిన చూపు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పోలిస్తే ఎప్పటికీ కలవవు. కాబట్టి పోల్చే ముందు మన మోడల్‌ని కూడా లోతు లేకుండా బయటికి తీయాలి.

చేయాల్సిన వరస:

- త్రీడీఎస్ మ్యాక్స్ అయితే `F` నొక్కి ఫ్రంట్ వ్యూ, స్కెచప్ అయితే `Camera` మెనూలో `Parallel Projection` పెట్టి, `Standard Views` లో `Front`.
- షాడోలు ఆఫ్ చేసి ఆ వ్యూని పెద్ద సైజులో ఇమేజ్‌గా తీయండి.
- ఎలివేషన్ పీడీఎఫ్‌ని ఇమేజ్‌గా మార్చి ఫొటోషాప్‌లో దాని మీద పెట్టండి, `Opacity` 50.
- రెండు పాయింట్లు మాత్రమే కలపండి: ప్లింత్ ఎడమ మూల, పిట్టగోడ పైన కుడి మూల. నిలువుగా అడ్డంగా ఒకే నిష్పత్తిలోనే పెంచాలి, తగ్గించాలి.
- ఇప్పుడు మిగతా గీతలు చూడండి. ఎక్కడ గీత రెండుగా కనిపిస్తే అక్కడ మోడల్‌కీ డ్రాయింగ్‌కీ తేడా ఉన్నట్టు.

నాలుగో లైను దగ్గర చాలామంది తప్పు చేస్తారు. కలవట్లేదని ఇమేజ్‌ని ఒక పక్కకి సాగదీసి కలిపేస్తారు, దాంతో ఏ తప్పు పట్టుకోవాలని కూర్చున్నారో అది కాస్తా దాక్కుంటుంది. రెండు పాయింట్లు కలిపాక మూడోది కలవకపోతే ఆ తేడానే మీకు కావాల్సిన సమాచారం.

మొత్తం ఇల్లే చిన్నదిగానో పెద్దదిగానో వస్తే ముందు యూనిట్లు చూడండి. ఆటోకాడ్‌లో `DIST` కొట్టి ఒక తలుపు వెడల్పు కొలవండి. 3'6" తలుపు అంగుళాల ఫైల్‌లో 42 రావాలి, మిల్లీమీటర్లలో అయితే 1067 దగ్గర్లో రావాలి.

నా కేసులో ఓవర్‌లే వేశాక బాల్కనీ, హెడ్‌రూమ్ గీతలు డ్రాయింగ్ మీద సరిగ్గా కూర్చున్నాయి. ముందుకీ వెనక్కీ ఎంత ఉన్నాయో ఎలివేషన్‌లో తెలీదు కాబట్టి అది ప్లాన్‌తో పోల్చి చూశాను, అదీ కలిసింది. కిటికీ మాత్రం పక్కకి ఒక అడుగు ఎక్కువ వచ్చింది. రెయిలింగ్ అసలు వేరే అని మర్నాడు పొద్దున తేలింది. అంటే ఐదు పాయింట్లకీ ఒకే జవాబు కుదరదు.

## 3. ఒక్కో తేడాకి ఒక్కో కారణం రాయండి

ఓవర్‌లే చూశాక లిస్టులో ప్రతి పాయింటు పక్కన ఈ నాలుగింట్లో ఒకటి రాయాలి:

- చూపు: మోడల్ కరెక్టే, కెమెరా వల్లో వెలుతురు వల్లో అలా కనిపిస్తోంది.
- డ్రాయింగ్స్ కలవట్లేదు: ఒక షీట్‌లో ఒకటి, ఇంకో షీట్‌లో ఇంకోటి ఉంది.
- ఊహ: డ్రాయింగ్‌లో ఇవ్వలేదు, నేనే ఏదో పెట్టాను.
- నా తప్పు: డ్రాయింగ్‌లో ఉంది, నేను చూడలేదు.

హెడ్‌రూమ్, బాల్కనీ, రంగు "చూపు". కిటికీ "డ్రాయింగ్స్ కలవట్లేదు". రెయిలింగ్ "నా తప్పు". ఇక "ఊహ" కిందకి వచ్చేది ఆవిడ అడగనేలేదు, కానీ నాకు దొరికింది: ముందు గోడ మీద అడ్డ గ్రూవ్‌లు. డ్రాయింగ్‌లో "గ్రూవ్స్ యాజ్ పర్ డిజైన్" అని బాణం గీత ఉంది, ఎన్ని, ఎంత దూరంలో అని లేదు. నేను ఐదు పెట్టేశాను.

అడగని తేడాని కూడా మనమే చెప్పాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నా. కొన్నేళ్ల కిందట ఇంకో ఇంటికి ఇలాగే గ్రూవ్‌లు ఊహించి పెట్టి ఎవరికీ చెప్పలేదు, సైట్‌లో మేస్త్రి ఫోన్‌లో రెండర్ పెద్దది చేసి గీతలు లెక్కపెట్టుకుని ప్లాస్టరింగ్‌లో అలాగే కొట్టేశాడు, ఆర్కిటెక్ట్ మనసులో అనుకున్నది వేరు. గోడ మళ్లీ గీకాల్సొచ్చింది. మేస్త్రి తప్పేం లేదు, ఆయన చేతిలో ఉన్న స్పష్టమైన బొమ్మ నాదే.

## 4. "చూపు" తేడాని అంకెలతో చెప్పండి

"పర్స్పెక్టివ్ వల్ల" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, పైగా తప్పించుకుంటున్నట్టు వినిపిస్తుంది. ఎంత దూరం నుంచి చూస్తే ఏది ఎంత కనిపిస్తుందో చిన్న లెక్క వేసి ఇవ్వండి, చదివేవాళ్లు వాళ్లంతట వాళ్లే ఒప్పుకుంటారు.

### బాల్కనీ లెక్క

ఒక వస్తువు ఎంత దగ్గరుంటే అంత పెద్దగా కనిపిస్తుంది, సగం దూరానికి రెట్టింపు. నా కెమెరా ముందు గోడకి 20 అడుగుల దూరంలో ఉంది. బాల్కనీ 4 అడుగులు ముందుకొచ్చింది కాబట్టి దాని అంచు కెమెరాకి 16 అడుగుల్లోనే ఉంది. 20ని 16తో భాగిస్తే 1.25. అంటే గోడతో పోలిస్తే బాల్కనీ అంచు 25 శాతం పెద్దగా కనిపిస్తోంది.

అదే కెమెరాని రోడ్డు అవతలి అంచుకి, అంటే గోడకి 35 అడుగుల దూరానికి తీసుకెళ్తే 35ని 31తో భాగించాలి, 1.13 వస్తుంది. పెరుగుదల 13 శాతానికి పడిపోయింది, దాదాపు సగం.

ఫ్రేమ్ మారకూడదంటే లెన్స్ కూడా మార్చాలి. 36 ఎంఎం సెన్సర్ వెడల్పు మీద 20 అడుగుల దూరంలో 24 ఎంఎం లెన్స్ పెడితే గోడ దగ్గర 30 అడుగుల వెడల్పు పడుతుంది. 35 అడుగుల దూరం నుంచి అదే 30 అడుగులు పట్టాలంటే 42 ఎంఎం కావాలి. లెక్క ఇదే:

```
పట్టే వెడల్పు = 36 / లెన్స్ × దూరం
36 / 24 × 20 = 30 అడుగులు
36 / 42 × 35 = 30 అడుగులు
```

ఇక్కడొక మాట. చాలామంది మెయిల్‌లో "వైడ్ లెన్స్ వల్ల సాగింది, లెన్స్ మారుస్తా" అని రాసి, కెమెరా కదపకుండా లెన్స్ నంబర్ ఒక్కటే మారుస్తారు. అలా చేస్తే ఫ్రేమ్ దగ్గరకొస్తుంది తప్ప బాల్కనీ, గోడ మధ్య నిష్పత్తి అస్సలు మారదు. మార్చేది దూరం. లెన్స్ అనేది ఆ దూరం నుంచి ఫ్రేమ్ సరిపెట్టుకోవడానికి మాత్రమే. తప్పు కారణం రాస్తే రివిజన్ పంపాక కూడా "అలాగే ఉంది కదా" అంటారు, అప్పుడు మన దగ్గర జవాబుండదు.

### హెడ్‌రూమ్ లెక్క

మెట్ల హెడ్‌రూమ్ ఎలివేషన్‌లో పిట్టగోడ పైన 5 అడుగులు కనిపిస్తుంది. రెండర్‌లో సున్నా. ఓనర్లు ఎక్కువగా పట్టుకునేది ఇలాంటివే, ఎందుకంటే ఒక గదే మాయమైపోయినట్టుంటుంది.

నేల నుంచి పిట్టగోడ పైకి 26 అడుగులు, హెడ్‌రూమ్ పైకి 31. హెడ్‌రూమ్ మాత్రం ముందు పిట్టగోడకి 12 అడుగులు వెనక్కి ఉంది. మనిషి కన్ను నేల మీద నుంచి 5 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. రోడ్డు అవతల, 35 అడుగుల దూరంలో నుంచుంటే కన్ను నుంచి పిట్టగోడ అంచుకి చూపు 21 అడుగులు పైకి ఎక్కాలి. అంటే ప్రతి అడుగు దూరానికి 0.6 అడుగు. ఆ చూపు పిట్టగోడ దాటి ఇంకో 12 అడుగులు వెళ్లేసరికి 7.2 అడుగులు ఎక్కి 33.2 అడుగుల ఎత్తులో ఉంటుంది. హెడ్‌రూమ్ 31 దగ్గరే ఆగిపోయింది, చూపు దాని మీద నుంచి వెళ్లిపోతోంది.

హెడ్‌రూమ్ పై అంచు కనిపించడం మొదలవ్వాలంటే 50 అడుగులు దాటి వెనక్కి వెళ్లాలి. అక్కడ ఎదురింటి వాళ్ల ఇల్లుంది. కాబట్టి రెండర్‌లో కనిపించకపోవడమే కరెక్ట్, ఇల్లు కట్టాక కూడా ఎదురుగా రోడ్డు మీద నుంచి చూస్తే కనిపించదు.

ఈ లెక్కకి పక్క నుంచి చూసినట్టు ఒక గీత బొమ్మ చాలు: రోడ్డు, మనిషి, పిట్టగోడ, హెడ్‌రూమ్, ఒక ఏటవాలు గీత. ఐదు నిమిషాల పని. నేను సెక్షన్ డ్రాయింగ్ మీదే ఎర్ర గీత గీసి పంపాను.

### రంగు

తూర్పు ఫేసింగ్ ఇల్లు కాబట్టి ముందు గోడ మీద ఎండ పడేది పొద్దున్నే. నేను పొద్దున 8 గంటల ఎండ పెట్టాను, ఆ వెచ్చటి వెలుతురులో గ్రే పసుపు వైపు జరిగింది. దీనికి వాదన వద్దు. అదే కెమెరా, అదే మెటీరియల్, మబ్బు పట్టిన ఆకాశంతో చిన్న సైజులో ఒక రెండర్ తీసి పక్కన పెట్టండి. రెండింట్లో మెటీరియల్ ఒకటే అని వాళ్లకే కనిపిస్తుంది.

ఆ మబ్బు రెండర్‌లో కూడా పసుపుగా ఉంటే మాత్రం తప్పు మన మెటీరియల్‌లో ఉందని అర్థం, అప్పుడు పాయింటుని "నా తప్పు" కింద వేయండి. ఇంకోటి, రంగు స్క్రీన్ మీద చూసి ఖాయం చేయొద్దని, షేడ్ కార్డు గానీ గోడ మీద శాంపిల్ ప్యాచ్ గానీ చూసే ఓకే చేయమని ఒక లైను తప్పకుండా రాయండి.

## 5. డ్రాయింగ్స్‌లోనే తేడా ఉంటే, మెయిల్ కంటే ముందు ఫోన్ చేయండి

కిటికీ సంగతి ఇది. ప్లాన్‌లో W1 వెడల్పు 5'0". షెడ్యూల్‌లో కూడా 5'0". ఎలివేషన్‌లో 4'0" గీసి ఉంది. నేను ప్లాన్ చూసి మోడల్ కట్టాను.

ఇలాంటప్పుడు ఒకసారి డీడబ్ల్యూజీ తెరిచి ఆ కొలతని క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో `Text override` చూడండి. అక్కడ ఏదైనా టైప్ చేసి ఉంటే గీసిన గీత ఒక సైజు, రాసిన అంకె ఇంకో సైజు అయ్యుండొచ్చు. `DIST` తో గీతని కూడా కొలవండి. రాసిన అంకెనే నమ్మాలి, స్కేల్ పెట్టి కొలవొద్దు అని చాలా షీట్ల మీద నోట్ ఉంటుంది, కానీ రెండు షీట్ల మీద రెండు అంకెలు రాసుంటే ఆ నోట్ మనకి ఉపయోగపడదు, ఆర్కిటెక్ట్‌నే అడగాలి.

అడిగే పద్ధతి ముఖ్యం. మన మెయిల్‌ని మేడం యథాతథంగా ఓనర్‌కి ఫార్వర్డ్ చేసే అవకాశం చాలా ఎక్కువ. అందులో "మీ డ్రాయింగ్స్‌లో తప్పుంది" అని ఉంటే ఆవిడ ఓనర్ ముందు ఇరుకున పడతారు, ఇకపై మనకి పని ఇచ్చేటప్పుడు ఆ సంగతి గుర్తుంటుంది. అందుకే ముందు ఫోన్ చేసి, "మేడం, W1 ప్లాన్‌లో ఐదు, ఎలివేషన్‌లో నాలుగు ఉంది, ఏది ఉంచమంటారు?" అని అంతే అడగండి. మెయిల్‌లో రాసేటప్పుడు కూడా తప్పు అన్న మాట రాదు, షీట్ నంబర్లు, రెండు సైజులు, ఒక ప్రశ్న ఉంటాయి.

అయితే ఫోన్‌లో తేల్చేసి మెయిల్‌లో రాయకుండా వదిలేయకండి. ఆవిడ నాలుగు అన్నారో ఐదు అన్నారో పది రోజుల తర్వాత ఇద్దరికీ గుర్తుండదు.

ఇందులో మన వాటా కూడా ఉంది. తేడా కనిపించినప్పుడే అడగాలి, అడగలేదు. ఆ ఒక్క ముక్క మెయిల్‌లో ఒప్పుకోండి.

## 6. మీ తప్పుకి రెండు వాక్యాలు చాలు

ఎంఎస్ రెయిలింగ్ ఉన్న రివిజన్ పీడీఎఫ్ నాకు మంగళవారం వాట్సాప్‌లో వచ్చింది. నేను మోడల్ కట్టింది అంతకుముందు మెయిల్‌లో వచ్చిన డీడబ్ల్యూజీతో. చూశాను కూడా, ఫోన్‌లో చూసి తర్వాత మార్చుకుందాం అనుకుని మర్చిపోయా.

మెయిల్‌లో రాయాల్సింది ఏం జరిగింది, ఎప్పటికి సరిచేస్తా, డబ్బులు అడగను. అంతే. "వాట్సాప్‌లో పంపారు కాబట్టి మిస్ అయింది" అని రాయొద్దు, అది నిజమే అయినా తప్పు వాళ్ల మీదకి తోసినట్టుంటుంది. ఇకపై రివిజన్లు మెయిల్‌లో పంపమని అడగాలంటే ఆ విన్నపం మెయిల్ చివర్లో విడిగా పెట్టండి.

అలాగని మొత్తం మెయిల్ క్షమాపణలతో నింపినా నష్టమే. ఐదు పాయింట్లకీ సారీ చెప్తే హెడ్‌రూమ్ కూడా మన తప్పే అని ఓనర్ అనుకుంటారు, లేని హెడ్‌రూమ్‌ని రెండర్‌లో పెట్టమంటారు.

## 7. మెయిల్ వరస

ఇంగ్లీష్‌లో పంపినా తెలుగులో పంపినా వరస ఇదే పెట్టండి:

- సబ్జెక్ట్‌లో ప్రాజెక్ట్, రెండర్ నంబర్, వాళ్లు చేయాల్సిన పని
- మొదటి మూడు లైన్లలోనే మొత్తం జవాబు
- మార్చేవి
- మార్చక్కర్లేనివి, కారణంతో
- వాళ్లు చెప్పాల్సినవి
- తేదీ, డబ్బు
- కట్టడానికి ఏది ఫాలో అవ్వాలన్న లైను

మార్చేవి ముందు పెట్టడం నా అలవాటు. చదివేవాళ్లకి ముందు కావాల్సింది "సరే, చేస్తున్నాడు" అన్న ధైర్యం. అది దొరికాక హెడ్‌రూమ్ లెక్క ఓపిగ్గా చదువుతారు. వివరణ ముందు పెడితే సగంలోనే ఫోన్ చేస్తారు.

నేను పంపిన మెయిల్, ఇంటి వివరాలు తీసేసి:

> సబ్జెక్ట్: ఫ్రంట్ రెండర్ R1, డ్రాయింగ్‌తో తేడాలు. కిటికీ, గ్రూవ్‌ల సైజు మీరు చెప్పాలి
>
> మేడం, నమస్తే.
>
> మీరు చెప్పిన ఐదు పాయింట్లూ ఎలివేషన్ మీద పెట్టి చెక్ చేశాను. రెయిలింగ్ నా పొరపాటు, మారుస్తున్నాను. హెడ్‌రూమ్, బాల్కనీ, రంగు మోడల్‌లో డ్రాయింగ్ ప్రకారమే ఉన్నాయి, కనిపించే తీరులో తేడా ఉంది. కిటికీకి, గ్రూవ్‌లకి మీ నుంచి సైజు కావాలి.
>
> మారుస్తున్నవి
>
> 1. రెయిలింగ్: మీరు మంగళవారం పంపిన రివిజన్‌లో ఎంఎస్ రెయిలింగ్ ఉంది, నేను పాత ఫైల్‌తో చేశాను. సారీ మేడం. దీనికి చార్జ్ లేదు.
> 2. బాల్కనీ: వెడల్పు, ఎత్తు ఎలివేషన్ ప్రకారమే ఉన్నాయి (అటాచ్‌మెంట్ 1), ప్లాన్ ప్రకారమే 4 అడుగులు ముందుకి ఉంది. కెమెరా గోడకి 20 అడుగుల్లో ఉండటం వల్ల 25 శాతం పెద్దగా కనిపిస్తోంది. రోడ్డు అవతలికి, 35 అడుగులకి జరిపితే అది 13 శాతానికి తగ్గుతుంది. అలా జరిపి పంపుతాను.
> 3. రంగు: పొద్దున ఎండ వల్ల గ్రే పసుపుగా ఉంది. అదే మెటీరియల్ మబ్బు వెలుతురులో ఎలా ఉందో అటాచ్‌మెంట్ 2లో చూడండి. ఫైనల్‌లో ఎండ వెచ్చదనం తగ్గిస్తాను. షేడ్ మాత్రం షేడ్ కార్డు చూసి ఖాయం చేయగలరు.
>
> అలాగే ఉంచుతున్నది
>
> 4. హెడ్‌రూమ్: మోడల్‌లో ఉంది. ముందు పిట్టగోడకి 12 అడుగులు వెనక్కి ఉండటం వల్ల రోడ్డు మీద నుంచుని చూస్తే పిట్టగోడ చాటున పడుతుంది. అటాచ్‌మెంట్ 3లో ఎర్ర గీత చూస్తే తెలుస్తుంది. కట్టాక కూడా ఎదురుగా రోడ్డు మీద నుంచి చూస్తే ఇలాగే ఉంటుంది. ఓనర్ గారు చూడాలంటే పై నుంచి ఒక వ్యూ వేరేగా చేసిస్తాను, అది అదనపు వ్యూ కింద వస్తుంది.
>
> మీరు చెప్పాల్సినవి
>
> 5. ముందు బెడ్‌రూమ్ కిటికీ W1: A-101 ప్లాన్‌లో, షెడ్యూల్‌లో 5'0", A-201 ఎలివేషన్‌లో 4'0" ఉంది. నేను 5'0" పెట్టాను, అప్పుడే మిమ్మల్ని అడగాల్సింది. ఏది ఉంచాలి?
> 6. గ్రూవ్‌లు: మీరు అడగలేదు కానీ చెప్పాలి. షీట్‌లో సంఖ్య, దూరం లేవు, ఐదు అనేది నేను అనుకుని పెట్టింది. ఎన్ని, ఎంత దూరంలో కావాలో చెప్పండి.
>
> ఈ రెండూ గురువారం మధ్యాహ్నం లోపు చెప్తే శుక్రవారం సాయంత్రం 6కి R2 పంపుతాను. ఇది మనం అనుకున్న రెండు ఫ్రీ రివిజన్లలోకి రాదు, విడిగా చేస్తున్నాను.
>
> సైట్‌లో కొలతలకి డ్రాయింగ్స్‌నే ఫాలో అవ్వమని చెప్పగలరు. రెండర్ మీద నుంచి కొలతలు తీసుకోవద్దు.
>
> ఒక విన్నపం: ఇకపై రివిజన్ ఫైళ్లు ఈ మెయిల్ థ్రెడ్‌లోనే పంపితే నేను మిస్ అవ్వను.

బాల్కనీ "చూపు" తేడానే అయినా "మారుస్తున్నవి" కిందే పెట్టాను చూశారా. మోడల్ కరెక్టే అయినా క్లయింట్ కంటికి ఇబ్బందిగా ఉంటే కెమెరా జరపడం మన చేతిలో పని. హెడ్‌రూమ్ అలా కాదు. అది కనిపించాలంటే కెమెరా ఎవరూ నుంచోలేని చోట పెట్టాలి, లేదంటే హెడ్‌రూమ్‌ని ముందుకి లాగాలి. రెండోది అబద్ధం, చేయకండి, ఎవరు అడిగినా.

రివిజన్ లెక్క గురించి: ఒక్క తప్పు మనదైనా ఆ రౌండ్ మొత్తాన్ని ఫ్రీగా ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. పాయింటుకి ఒక రేటు విడదీసి రాస్తే మెయిల్ మొత్తం బేరంలా తయారవుతుంది.

## 8. అటాచ్‌మెంట్లు మూడు దాటొద్దు

- అటాచ్‌మెంట్ 1: ఓవర్‌లే. మోడల్ గీతలు ఒక రంగు, డ్రాయింగ్ గీతలు ఇంకో రంగు. కలవని కిటికీ చుట్టూ ఒక సున్నా.
- అటాచ్‌మెంట్ 2: ఎండ, మబ్బు రెండూ ఒకే ఇమేజ్‌లో పక్కపక్కన.
- అటాచ్‌మెంట్ 3: సెక్షన్ మీద చూపు గీత.

జేపెగ్‌గా పంపండి, చాలామంది ఫోన్‌లోనే తెరుస్తారు. ఇమేజ్ మీద రాసిన అక్షరాలు ఫోన్‌లో జూమ్ చేయకుండా చదవగలిగేలా ఉన్నాయో లేదో పంపే ముందు మీ ఫోన్‌లో ఒకసారి చూసుకోండి. మెయిల్‌లో పాయింటు నంబరూ, ఇమేజ్ మీద నంబరూ ఒకటే ఉండాలి.

## 9. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

"రిఫరెన్స్ కోసం మాత్రమే" అని ఒక్క లైనుతో సరిపెట్టడం. కట్టడానికి రెండర్ వాడొద్దని చెప్పడం వేరు, మన మోడల్ తప్పుకి దాన్ని అడ్డం పెట్టడం వేరు. ముందు కారణం చెప్పండి, ఆ లైను చివర్లో పెట్టండి.

టెక్నికల్ పదాలు గుప్పించడం. టోన్ మ్యాపింగ్, వర్టికల్ షిఫ్ట్ అని ఓనర్‌కి రాస్తే ఏం లాభం? అడుగులు, రోడ్డు, ఎండ, ఈ మాటల్లో చెప్పలేకపోతున్నామంటే కారణం మనకే ఇంకా సరిగ్గా తెలీలేదని నాకనిపిస్తుంది.

షీట్ నంబర్ లేకుండా "డ్రాయింగ్ ప్రకారమే చేశా" అనడం. ఏ డ్రాయింగ్, ఏ రివిజన్? ఫైల్ పేరు రాయండి, `A-201_R2.dwg` అని ఉన్నది ఉన్నట్టు.

ముందే R2 తీసి మెయిల్‌తో పాటు పంపేయడం. కిటికీ సైజు తేలకుండా తీస్తే మళ్లీ తీయాలి, పైగా ఒకే మెయిల్‌లో రెండు రెండర్లు ఉంటే ఏది లెక్కలోకి తీసుకోవాలో తెలీదు. ముందు జవాబు రానివ్వండి.

కోపంలో రాత్రి పదకొండుకి పంపడం. రాయండి, డ్రాఫ్ట్‌లో ఉంచండి, ఓవర్‌లే పొద్దున ఇంకోసారి చూసి పంపండి. నాకు రెయిలింగ్ తప్పు దొరికింది అలాగే, రాత్రి రాసిన డ్రాఫ్ట్‌లో దాన్ని "డ్రాయింగ్ ప్రకారమే ఉంది" అని రాశాను, పొద్దున వాట్సాప్ పైకి తోసుకుంటూ వెళ్తే పీడీఎఫ్ కనిపించింది.

## 10. జవాబు వచ్చాక

మేడం మధ్యాహ్నం ఫోన్ చేసి, కిటికీ 4'0" ఉంచమన్నారు, ప్లాన్, షెడ్యూల్ వాళ్లే మార్చుకుంటామన్నారు, గ్రూవ్‌లు నాలుగు, మధ్య దూరం 2 అడుగులు. వెంటనే అదే థ్రెడ్‌లో రెండు లైన్లు పెట్టాను: "ఫోన్‌లో చెప్పినట్టు W1 4'0", గ్రూవ్‌లు నాలుగు, 2'0" దూరం. ఇలాగే మారుస్తున్నాను."

ఆ తర్వాత చేయాల్సినవి:

- వచ్చిన సైజులు మోడల్‌లో మార్చి మళ్లీ ఓవర్‌లే వేయండి. ఈసారి కిటికీ గీత ఒక్కటే కనిపించాలి.
- కెమెరా 35 అడుగులు, 42 ఎంఎం, కన్ను ఎత్తు 5 అడుగులు. పాత కెమెరాని తీసేయకుండా పేరు మార్చి ఉంచండి, ఓనర్ పాతదే బాగుంది అనే సందర్భాలు ఉంటాయి.
- పాత డీడబ్ల్యూజీలన్నీ `old` అనే ఫోల్డర్‌లో పడేయండి, బయట తాజా రివిజన్ ఒక్కటే ఉండాలి.
- ఫైల్ పేరులో R2, కింద మూలలో చిన్నగా ఏ షీట్ రివిజన్ మీద చేశారో రాయండి.

శుక్రవారం R2 వెళ్లింది. పై నుంచి వ్యూ కూడా కావాలని ఓనర్ సోమవారం అడిగారు, హెడ్‌రూమ్ పక్కన ట్యాంకు ఎక్కడ వస్తుందో చూసుకోవాలట.